తెలుగు పీడీఎఫ్‌ను ఈపబ్‌గా మార్చే ముందు ఒక్క వాక్యం కాపీ చేసి చూడండి

"చిన్న ఫోన్‌లో పీడీఎఫ్ చదవలేకపోతున్నారా? ఈపబ్‌గా కన్వర్ట్ చేసుకోండి, సింపుల్!" ఏ టెక్ వీడియో చూసినా ఇదే సలహా. ఇంగ్లీష్ నవలకైతే నేనూ అదే చెప్తాను. పది నిమిషాల పని, రిజల్ట్ కూడా బాగానే ఉంటుంది. తెలుగు పీడీఎఫ్‌ల దగ్గరికొచ్చేసరికి మాత్రం నా లెక్క వేరు. ఈపబ్ కన్వర్షన్‌ను మొదటి ఆప్షన్‌గా కాకుండా ఆఖరి ఆప్షన్‌గా పెట్టుకోవాలని నా అభిప్రాయం. కారణం ఒక్కటే. కన్వర్షన్ తప్పయినప్పుడు అది మీకు చెప్పదు. నీట్‌గా, పెద్ద అక్షరాలతో, చక్కటి మార్జిన్లతో తప్పు టెక్స్ట్ చూపిస్తుంది.

మా వైపు, అంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల, ఇది చిన్న విషయం కాదు. పోటీ పరీక్షలకు చదివే చాలామందికి ట్యాబ్ ఉండదు, ల్యాప్‌టాప్ ఉండదు. ఉన్నది ఒక్క ఫోన్. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, స్కూల్ పాఠ్యపుస్తకాలు అన్నీ వాట్సాప్‌లో పీడీఎఫ్‌లుగానే తిరుగుతుంటాయి. మా బాబాయి కొడుకు గిద్దలూరులో ఉండి డీఎస్సీకి చదువుతున్నాడు. వాడి దగ్గరున్నది 6.5 అంగుళాల స్క్రీన్, 720×1600 రిజల్యూషన్ ఉన్న బడ్జెట్ ఫోన్. మొన్న ఒక కోచింగ్ నోట్సు పంపి, "అన్నా, దీన్ని ఈపబ్ చేసి పంపు. జూమ్ చేసి పక్కకి లాగి లాగి వేలు నొప్పి పుడతంది" అన్నాడు. ఆ ఫైల్‌నే ఉదాహరణగా తీసుకుని, ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో వరుసగా చెప్తాను.

ముందు స్కేలు తీసుకుని కొలుద్దాం

6.5 అంగుళాల ఫోన్ అంటే పెద్దదే అనిపిస్తుంది. కానీ ఆ 6.5 అనేది మూల నుంచి మూలకు కొలత. 20:9 నిష్పత్తిలో ఉన్న ఫోన్ అసలు వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లే. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంటే పేజీ మొత్తం స్క్రీన్‌లో పట్టాలంటే మూడో వంతుకు కుంచించుకుపోవాలి. 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు దిగుతుంది. ఇంగ్లీష్‌లో అయితే కళ్ళు చికిలించి ఎలాగో లాగించొచ్చు. తెలుగులో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. 4 పాయింట్ల దగ్గర "క్ష" ఏదో "క్ట" ఏదో తేడా తెలియదు.

ఇప్పుడు అందరూ వదిలేసే ఒక చిన్న పని చేద్దాం. మార్జిన్లు కత్తిరిద్దాం, ఫోన్ అడ్డంగా తిప్పుదాం. ఏ4 పేజీలో టెక్స్ట్ ఉండే భాగం సుమారు 160 మిల్లీమీటర్లు. అడ్డంగా తిప్పిన ఫోన్ వెడల్పు 150. అంటే 12 పాయింట్ల అక్షరం 11 పాయింట్లకు పైగానే కనిపిస్తుంది, దాదాపు కాగితం మీద ఉన్నంత. ఒకసారికి పది లైన్లే కనబడతాయి, నిజమే. కానీ పక్కకి లాగే పని పూర్తిగా పోయింది, పైకి జరుపుకుంటూ పోతే చాలు. ఒక్క అక్షరం కూడా మారలేదు.

పాత తెలుగు పుస్తకాలైతే ఇంకా సుళువు. డెమ్మీ సైజు పుస్తకంలో టెక్స్ట్ వెడల్పు పదిన్నర సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మార్జిన్ తీసేస్తే ఫోన్ నిలువుగా పట్టుకున్నా 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్ల దగ్గర ఉంటుంది. చాలామందికి అది సరిపోతుంది. అంటే ఈ పుస్తకాలకు కన్వర్షన్ అవసరమే లేదు, క్రాప్ చాలు.

క్రాప్ కోసం నేను వాడేది KOReader. ఉచితం, ఓపెన్ సోర్స్, ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది. పీడీఎఫ్ తెరిచి స్క్రీన్ కింది భాగంలో నొక్కితే సెట్టింగ్స్ ప్యానెల్ వస్తుంది. అందులో పేజీ క్రాప్ ఆటోలో పెడితే ప్రతి పేజీకి తెల్లటి అంచులు అదే కనిపెట్టి తీసేస్తుంది. స్కాన్ అంచుల్లో నల్లటి నీడలు ఉంటే ఆటో తికమకపడుతుంది. అప్పుడు మాన్యువల్‌గా ఒక పెట్టె గీసి చెప్పాలి.

పీడీఎఫ్ లోపల ఏముంది?

క్రాప్ చాలకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కాలి. అక్కడ రెండు దారులు. ఒకటి టెక్స్ట్‌ను బయటికి తీసి ఈపబ్ చెయ్యడం. రెండోది పేజీ బొమ్మనే ముక్కలు చేసి మళ్ళీ పేర్చడం, దీన్నే రీఫ్లో అంటారు. ఏ దారిలో వెళ్ళాలో పీడీఎఫ్ లోపల ఉన్న సరుకును బట్టి తేలుతుంది.

పీడీఎఫ్ అంటే శిలాశాసనం లాంటిది. ఏ అక్షరం ఆకారం ఎక్కడ ఉండాలో చెక్కి పెట్టేశారు. ఇక్కడ పదం మొదలైంది, ఇక్కడ పేరా అయిపోయింది అనే సమాచారం చాలా ఫైళ్ళలో ఉండదు. ఈపబ్ మన మార్కాపురం పలక లాంటిది. తుడిచి ఏ సైజులో కావాలంటే ఆ సైజులో మళ్ళీ రాసుకోవచ్చు. శాసనాన్ని పలక మీదికి ఎక్కించాలంటే ఎవరో ఒకరు దాన్ని సరిగ్గా చదవాలి. ఇబ్బందంతా ఆ చదవడంలోనే.

తెలుగు పీడీఎఫ్‌లు నాలుగు రకాలుగా దొరుకుతాయి. వాటిని గుర్తుపట్టడానికి ఫోనే చాలు. పీడీఎఫ్ తెరిచి, వత్తులు బాగా ఉన్న ఒక వాక్యం వెతకండి. "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" లాంటి పదాలు ఉంటే ఇంకా మంచిది, మూడు హల్లులు కలిసిన చోటే బండారం బయటపడుతుంది. దాన్ని నొక్కిపట్టి కాపీ చేసి, నోట్స్ యాప్‌లోనో వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే చాట్‌లోనో పేస్ట్ చెయ్యండి.

అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే ఫోటో. సెలెక్ట్ అయ్యి, పేస్ట్ చేస్తే ఇంగ్లీష్ అక్షరాలు, గణిత గుర్తులు, కొమ్ములు కలిసిన చెత్త వస్తే అది అను లాంటి పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేసిన ఫైల్. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. పీడీఎఫ్‌లో ఫాంట్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి తెర మీద తెలుగులా కనబడుతుంది. ఫాంట్ పోయిందంటే తెలుగూ పోయినట్టే.

మూడో రకం అన్నిటికన్నా ప్రమాదకరం. పేస్ట్ చేస్తే తెలుగే వస్తుంది, కానీ "రాష్ట్రం" కాస్తా "రాష్టం" అవుతుంది, "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది, లేదా పదం మధ్యలో స్పేస్ వస్తుంది. ఫైల్ యూనికోడ్‌లోనే చేశారు. కానీ వత్తు ఆకారానికి ఏ యూనికోడ్ అక్షరం అనే పట్టిక పీడీఎఫ్‌లో సరిగ్గా రాలేదు. నాలుగో రకంలో అంతా సరిగ్గా పేస్ట్ అవుతుంది. ఈపబ్‌కి పనికొచ్చేది ఈ ఒక్క రకమే.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళు ఫోన్‌లోనే టెర్మక్స్‌లో ఇది చూడొచ్చు:

```
pkg install poppler
pdffonts notes.pdf
pdftotext -f 21 -l 21 notes.pdf -
```

మొదటిది టూల్ వేస్తుంది. రెండోది ఫైల్‌లోని ఫాంట్ల జాబితా ఇస్తుంది. జాబితా ఖాళీగా వస్తే అది స్కాన్. `uni` అనే కాలమ్‌లో no అని ఉంటే ఆ ఫాంట్‌కు యూనికోడ్ పట్టిక లేనట్టు. yes అని ఉన్నంత మాత్రాన పట్టిక సరైనదని కాదు, అందుకే మూడో కమాండ్‌తో 21వ పేజీ టెక్స్ట్ కళ్ళతో చూడాలి.

మా తమ్ముడి ఫైల్‌లో ఏం జరిగింది

వాడి నోట్సు ఏ4 సైజు, మధ్యలో ఐమూలగా వాటర్‌మార్క్, చుట్టూ బార్డర్. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం, ఇలాంటివి వందల్లో తిరుగుతున్నాయి. కొన్ని చాప్టర్లు పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. కొన్ని యూనికోడ్‌లో ఉన్నాయి, వత్తుల పట్టిక మాత్రం సగమే. చివరి పేజీలు ఎక్కడినుంచో స్కాన్ చేసి అతికించినవి. ఒకే ఫైల్‌లో మూడు రకాల సరుకు.

దీన్ని క్యాలిబర్‌లో ఈపబ్ చేస్తే ఏమవుతుంది? క్యాలిబర్ మంచి సాఫ్ట్‌వేర్, దాని మాన్యువల్ కూడా నిజాయితీగా ఉంటుంది. కన్వర్ట్ చెయ్యడానికి పీడీఎఫ్ అత్యంత చెడ్డ ఫార్మాట్లలో ఒకటని, యూనికోడ్ కాని ఫాంట్లు ఉంటే అక్షరాలు చెడిపోయి వస్తాయని, పట్టికలు సపోర్ట్ చెయ్యమని అందులోనే రాసి ఉంది. అలాగే జరిగింది. డీటీపీ ఫాంట్ చాప్టర్లు చెత్తగా వచ్చాయి. అది చూడగానే తెలిసిపోతుంది కాబట్టి నష్టం లేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఏ వెర్షన్ ఫాంటో సరిగ్గా కుదరాలి. కుదిరినా మళ్ళీ ప్రతి లైన్ చూసుకోవాలి.

అసలు నష్టం యూనికోడ్ చాప్టర్లలో ఉంది. పైపైన చూస్తే అంతా తెలుగే. చక్కగా అక్షరం పెద్దది చేసుకోవచ్చు, నైట్ మోడ్ పెట్టుకోవచ్చు. కానీ అక్కడక్కడా వత్తులు ఎగిరిపోయాయి. తెలుగు సబ్జెక్టు చదివేవాడికి సంధి సూత్రంలో ఒక వత్తు పోతే ఉదాహరణే మారిపోతుంది. పట్టికల సంగతి ఇంకా ఘోరం. పేజీలో ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు సంఘటనలు ఉన్న ఒక టేబుల్ తీసుకుందాం. 1953 ఎదురుగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు, 1956 ఎదురుగా ఆంధ్రప్రదేశ్ అవతరణ, 1970 ఎదురుగా ఒంగోలు జిల్లా ఏర్పాటు, 1972 ఎదురుగా ఆ జిల్లాకు ప్రకాశం పేరు. టెక్స్ట్ బయటికి తీసే ప్రోగ్రాం ఒక్కోసారి కాలమ్ ప్రకారం చదువుతుంది. అప్పుడు నాలుగు సంవత్సరాలు ముందు వరుసగా వస్తాయి, తర్వాత సంఘటనలు వరుసగా వస్తాయి. వాటిలో ఒక సంఘటన రెండు లైన్లలో ఉంటే సంఘటనల వైపు ఐదు లైన్లవుతాయి. వరుసలో పోల్చుకుంటూ చదివేవాడు ఒక లైన్ జారి, 1970 ఎదురుగా వేరే సంఘటన గుర్తుపెట్టుకుంటాడు. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ రాదు. తప్పు తెలిసేది పరీక్ష కీ వచ్చినప్పుడే.

అందుకే వాడికి ఈపబ్ పంపలేదు. "బొమ్మ రీఫ్లో చేసి పంపుతా, కొంచెం వంకరటింకరగా ఉంటది, కానీ ఉన్నది ఉన్నట్టు ఉంటది" అని చెప్పాను.

బొమ్మను ముక్కలు చేసి పేర్చడం

ఈ పని చేసే టూల్ పేరు k2pdfopt. ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఇది అక్షరాలను చదవదు. పేజీని ఫోటోలా చూసి, లైన్ల మధ్య తెల్లటి ఖాళీ ఎక్కడుందో, పదాల మధ్య ఖాళీ ఎక్కడుందో కనిపెడుతుంది. ఒక్కో పదం బొమ్మను కత్తిరించి, మీ స్క్రీన్ వెడల్పుకు తగ్గట్టు కొత్త లైన్లలో అతికిస్తుంది. దానికి భాషతో పనిలేదు. స్కాన్ అయినా, అను అయినా, పట్టిక చెడిన యూనికోడ్ అయినా ఒకటే. వత్తు పోయే ప్రశ్నే లేదు, ఎందుకంటే పదం మొత్తం బొమ్మగా వస్తుంది.

మొత్తం ఫైల్ మీద ఒకేసారి నడపొద్దు. ఐదు పేజీలతో ట్రయల్ చెయ్యండి:

```
k2pdfopt notes.pdf -ui- -x -p 21-25 -w 720 -h 1600 -odpi 270 -o test.pdf
```

`-w`, `-h` మీ ఫోన్ పిక్సెళ్ళు. `-odpi` స్క్రీన్ సాంద్రత. 720 పిక్సెళ్ళు 68 మిల్లీమీటర్లలో ఉంటే అంగుళానికి 270 అవుతాయి, కాబట్టి 270 పెడితే అక్షరం కాగితం మీద ఉన్న సైజులోనే వస్తుంది. ఇంగ్లీష్‌కు ఇది బాగుంటుంది. తెలుగు పదాలు పొడవు. విభక్తులు, క్రియలు అన్నీ అతుక్కుని ఒక్కో పదం పది అక్షరాలు దాటుతుంది. బొమ్మగా ఉన్న పదాన్ని మధ్యలో విరిచి కింది లైన్‌కు పంపడం కుదరదు. దాంతో లైన్‌కు రెండే పదాలు పట్టి కుడివైపు సగం ఖాళీగా మిగులుతుంది. అందుకే తెలుగుకు నేను 220 పెడతాను. 12 పాయింట్ల అక్షరం 10 పాయింట్ల దగ్గరకు వస్తుంది. చదవడానికి హాయిగానే ఉంటుంది, లైన్లు కూడా నిండుగా వస్తాయి.

ట్రయల్ ఫైల్‌ను అసలు పేజీ పక్కన పెట్టుకుని మూడు సంగతులు చూడాలి. మొదటిది, వత్తులు తమ అక్షరం కిందే ఉన్నాయా అని. కొన్ని ఫాంట్లలో అక్షరానికి, వత్తుకు మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. టూల్ దాన్ని లైన్ల మధ్య ఖాళీ అనుకుంటే వత్తులన్నీ విడిగా ఒక పిల్ల లైన్‌గా కిందికి దిగిపోతాయి. రెండోది దీనికి రివర్స్. పాత లెటర్‌ప్రెస్ పుస్తకాల్లో లైన్లు ఇరుగ్గా ఉండి, పై లైన్ వత్తు కింది లైన్ గుడికి తగులుతుంది. అప్పుడు రెండు లైన్లూ ఒకే దిమ్మెగా కనబడి టూల్ వాటిని విడదీయలేదు. మూడోది పట్టికలు. గీతలున్న పట్టికను టూల్ చాలావరకు ఒకే బొమ్మగా వదిలేస్తుంది, అది చిన్నగా కనబడినా క్షేమం. గీతలు లేని పట్టికను మాత్రం రెండు కాలమ్‌ల పేజీ అనుకుని ఎడమది మొత్తం ముందు, కుడిది మొత్తం తర్వాత పెట్టొచ్చు. సంవత్సరాల టేబుల్ గొడవ ఇక్కడ కూడా రావొచ్చన్నమాట. అలాంటి పేజీల నంబర్లు రాసుకుని వాటిని మాత్రం అసలు పీడీఎఫ్‌లోనే, క్రాప్ చేసి అడ్డంగా చదవాలి.

మా తమ్ముడి ఫైల్‌లో ఇంకో అడ్డంకి ఆ వాటర్‌మార్క్. ఐమూలగా ఉన్న బూడిదరంగు అక్షరాలు లైన్ల మధ్య తెల్లటి ఖాళీని నింపేశాయి. టూల్‌కు ఖాళీ కనబడలేదు, పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మ అనుకుని అలాగే వదిలేసింది. రీఫ్లో అసలు జరగలేదంటే తొంభై శాతం సందర్భాల్లో వాటర్‌మార్కో, బార్డరో, స్కాన్ మురికో కారణమని నా అనుభవం. పైన చెప్పిన కమాండ్‌కు `-wt 190` కలిపితే ఆ స్థాయి కంటే లేత రంగులను తెలుపుగానే లెక్కేస్తుంది. వాటర్‌మార్క్ ముదురుగా ఉంటే ఈ చిట్కా పారదు. అంకెను మరీ తగ్గిస్తే అక్షరాల్లో సన్నటి గీతలు కూడా లెక్కలోంచి పోయే అవకాశం ఉంది, కాబట్టి పదేసి చొప్పున మార్చి చూడండి.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళకు ఇదే పని KOReader లోపల కూడా ఉంది. క్రాప్ ఉన్న కింది ప్యానెల్‌లోనే Reflow ఆన్ చెయ్యాలి. లోపల నడిచేది k2pdfopt కోడే. తేడా ఏంటంటే ప్రతి పేజీకి అప్పటికప్పుడు లెక్క చేస్తుంది కాబట్టి బడ్జెట్ ఫోన్‌లో పేజీ తిప్పినప్పుడల్లా కాస్త ఆగుతుంది, బ్యాటరీ కూడా తింటుంది. రోజుకు పది పేజీలకైతే ఫర్వాలేదు. రెండు వందల పేజీలు పదిసార్లు రివిజన్ చేసేవాళ్ళు ఒకసారి ల్యాప్‌టాప్ ఉన్న ఫ్రెండ్ దగ్గర కన్వర్ట్ చేయించుకోవడమే మేలు.

అడోబీ రీడర్‌లో లిక్విడ్ మోడ్ ఉంది కదా అంటారు. 2020లో వచ్చింది, ఇంగ్లీష్ రిపోర్టులకు చాలా బాగుంటుంది. కానీ అది స్కాన్ పేజీల మీద పనిచెయ్యదు, ఫైల్‌ను ప్రాసెస్ చెయ్యడానికి నెట్ కావాలి. గిద్దలూరులో రైలెక్కి నంద్యాల వైపు పోతే దిగువమెట్ట దాటాక నల్లమల అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ దారిలో రోజూ తిరిగేవాడికి ఆఫ్‌లైన్ ఫైలే దిక్కు.

రీఫ్లోకి లోపాలు లేవని అనను. బయటికొచ్చేది బొమ్మల పీడీఎఫ్, సైజు పెరుగుతుంది. అక్షరం సైజు తర్వాత మార్చుకోలేరు, మళ్ళీ కన్వర్ట్ చెయ్యాలి. పదం వెతకడం సరిగ్గా కుదరకపోవచ్చు. చూడ్డానికి పదాల మధ్య ఖాళీలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇవన్నీ కంటికి కనిపించే లోపాలు. ఏదైనా తేడాగా అనిపిస్తే అసలు పేజీ తెరిచి చూసుకుంటారు. ఈపబ్‌లో ఎగిరిపోయిన వత్తు కంటికి కనబడదు, అసలు పేజీ చూడాలన్న అనుమానమే రాదు. పరీక్షకు చదివేవాడికి ఏది నయమో మీరే చెప్పండి.

మరి ఓసీఆర్?

స్కాన్‌ను టెక్స్ట్ చెయ్యాలంటే ఓసీఆర్ ఉంది. టెసరాక్ట్‌కు తెలుగు డేటా ఉంది, దాన్ని వాడుకునే టూల్‌తో ఇలా చెయ్యొచ్చు:

```
sudo apt install ocrmypdf tesseract-ocr-tel
ocrmypdf -l tel --sidecar text.txt scan.pdf out.pdf
```

ఇక్కడ నేను వాడుకునేది `out.pdf` మాత్రమే. అందులో పేజీ బొమ్మ అలాగే ఉంటుంది, వెనకాల కనబడకుండా టెక్స్ట్ పొర ఉంటుంది. వెతకడానికి అది చాలా ఉపయోగం. "వెలిగొండ" అని కొడితే ఆ పేజీకి తీసుకెళ్తుంది, చదివేది మాత్రం బొమ్మనే. పక్కన వచ్చే `text.txt` ను ఈపబ్ చేసి చదవమని మాత్రం చెప్పను. మసకగా ఉన్న పాత ప్రింట్‌లో ప, వ, మ లాంటి అక్షరాలు ఒకటికొకటి మారిపోతాయి, వత్తులు తారుమారవుతాయి. వాక్యంలో తప్పు పడితే సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. అంకెలో 3 కాస్తా 8 అయితే పోల్చుకోవడానికి ఏ సందర్భమూ ఉండదు.

అసలైన ఈపబ్ ఎక్కడుంది?

ఇంత చెప్పాక కూడా నేను ఈపబ్‌కు వ్యతిరేకిని కాదు. మనుషులు సరిచూసిన టెక్స్ట్ నుంచి వచ్చిన ఈపబ్‌ను మించింది చిన్న ఫోన్‌కు ఇంకోటి లేదు. ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు ఆత్మకథ "నా జీవిత యాత్ర" తీసుకోండి. దాని స్కాన్ పీడీఎఫ్ పట్టుకుని కుస్తీ పడేవాళ్ళను చూశాను. ప్రకాశం 1957లో చనిపోయారు. మన దేశంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళకు కాపీరైట్ తీరిపోతుంది. ఆయన రాసిన భాగాలు తెలుగు వికీసోర్స్‌లో టైప్ చేసిన టెక్స్ట్‌గా ఉన్నాయి. te.wikisource.org లో పుస్తకం పేజీ తెరిచి డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్ వస్తుంది. పైగా వికీసోర్స్‌లో స్కాన్ ఆధారంగా చేసిన పేజీలకు పక్కనే అసలు బొమ్మ ఉంటుంది, పేజీని ఎవరైనా సరిచూశారా లేదా అనేది రంగుతో చూపిస్తారు. అనుమానం వస్తే అక్కడే తేల్చుకోవచ్చు.

ఈపబ్ తెరిచాక తెలుగు బదులు డబ్బాలు కనబడితే ఫైల్‌ను తిట్టకండి, రీడర్‌కు తెలుగు ఫాంట్ దొరకలేదని అర్థం. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ దించి, ఫోన్‌లో `koreader/fonts` ఫోల్డర్‌లో వేసి యాప్‌ను మళ్ళీ తెరిస్తే సరిపోతుంది.

కాబట్టి పాత పుస్తకమైతే ముందు వికీసోర్స్‌లో చూడండి. లేకపోతే క్రాప్ చేసి, ఫోన్ అడ్డంగా తిప్పి చూడండి, సగం ఫైళ్ళ సమస్య అక్కడే తీరిపోతుంది. తీరకపోతే ఒక వాక్యం కాపీ చేసి చూడండి. వత్తులన్నీ సరిగ్గా వస్తే ఈపబ్ చేసుకోండి, పట్టికలు మాత్రం అసలు పీడీఎఫ్‌లోనే చదవండి. ఒక్క వత్తు పోయినా బొమ్మ రీఫ్లోకి వెళ్ళండి.

నోట్సు తయారుచేసేవాళ్ళకు ఒక మాట. మీరు యూనికోడ్‌లో టైప్ చేస్తుంటే పని సులువు. ఆ వర్డ్ ఫైల్ మీ దగ్గరే ఉంది. పీడీఎఫ్‌తో పాటు దాన్నుంచి నేరుగా ఒక ఈపబ్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే వత్తు పోదు, పట్టిక చెదరదు. వాటర్‌మార్క్ బదులు మీ పేరు ప్రతి చాప్టర్ మొదట్లో వేసుకోండి. చదివేవాడు అది కూడా చదువుతాడు.

మా తమ్ముడికి 220 పెట్టి చేసిన ఫైల్, పక్కన అసలు పీడీఎఫ్, చూడాల్సిన పట్టిక పేజీల నంబర్లు కలిపి పంపాను. "బాగుందన్నా, కాకపోతే చూడ్డానికి ఏదో కత్తిరించి అతికించినట్టుంది" అన్నాడు. కత్తిరించి అతికించిందే మరి.